విదేశంలో ఉన్న మనవరాలికి వీడియో కాల్‌లో సాయంత్రం హారతి పాట నేర్పడం ఎలా?

దూరదేశంలో పెరుగుతున్న మనవరాలికి దీపం పెట్టే వేళ పాడే పాట ఒకటి నేర్పాలనుకుంటే ముందు తేల్చుకోవాల్సింది ఏ పాట అన్నది. ఇంట్లో మీరు రోజూ పాడుకునేదే ఎంచుకోండి. కాగితం చూడకుండా, వంట చేస్తూ కూడా పాడగలిగిన పాట అయితేనే ఫోన్ ముందు కూర్చున్నప్పుడు మీ ధ్యాస పిల్ల మీద ఉంటుంది. పదాలు గుర్తు తెచ్చుకుంటూ నేర్పితే పిల్ల ఎక్కడ తడబడిందో మీ చెవికి అందదు.

మా అమ్మది తిరుచానూరు. మా అక్క డాలస్‌లో ఉంటుంది. ఆమె కూతురు, మా ఏడేళ్ళ పాప, మా అమ్మ దగ్గర ఫోన్‌లోనే ‘క్షీరాబ్ధి కన్యకకు’ నేర్చుకుంది. ఈ వైపు ఫోన్ పెట్టి, పక్కన కూర్చున్నదాన్ని నేనే కాబట్టి ఏం పని చేసిందో, ఏది ఎందుకు కుదరలేదో దగ్గరగా చూశాను. ఆ పాటనే ఉదాహరణగా పెట్టుకుని చెప్తాను. మీ పాట వేరే అయినా పద్ధతి ఇదే.

మా ఇంటికి ఈ పాట కుదరడానికి మూడు కారణాలున్నాయి. ఇది అలమేల్మంగకు ఎత్తే హారతి. అమ్మవారి గుడి మా వీధి చివరే, కాబట్టి పాటలో ఉన్నది ఎవరో పిల్లకు వేరే చెప్పక్కర్లేదు, సెలవుల్లో వచ్చినప్పుడు చూసిన అమ్మే. రెండోది, దీన్ని ఎక్కువగా కురంజి రాగంలో పాడతారు. ఆ రాగం పై షడ్జం దాకా వెళ్ళదు, ధైవతం దగ్గరే ఆగి దిగుతుంది. చిన్న గొంతు అరవాల్సిన చోటే ఉండదు. మూడోది అన్నిటికంటే ముఖ్యం. ప్రతి రెండో పాదం ‘నీరాజనం’ అనే మాటతోనే ముగుస్తుంది. నేర్పే పద్ధతంతా ఈ ఒక్క సంగతి మీదే నిలబడింది. అదెలాగో తర్వాత చెప్తాను.

ముందు వేళ కుదుర్చుకోండి

సాయంత్రం పాట కదా అని మీ సాయంత్రానికి కాల్ పెట్టుకోకండి. తిరుపతిలో సాయంత్రం ఆరున్నర అంటే డాలస్‌లో ఎండాకాలం పొద్దున ఎనిమిది. పిల్ల బడికి పరుగెత్తే వేళ అది. ఆ హడావుడిలో నేర్చుకున్న పాట సాయంత్రం దీపం పెట్టినప్పుడు గుర్తుకు రాదు, ఎందుకంటే అది ఆ వేళకు ముడిపడలేదు. పాట పిల్ల సాయంత్రంలోనే పుట్టాలి. మీకు అది తెల్లవారుజాము అయినా సరే.

మాకు కుదిరిన వేళ ఇది. డాలస్‌లో రాత్రి ఏడున్నరకు పాప అన్నం తిని, స్నానం చేసి ఉంటుంది. అప్పుడు ఇక్కడ మరుసటి రోజు పొద్దున ఆరు. అమ్మ అప్పటికి లేచి, ముగ్గు వేసి, తను కూడా దీపం పెట్టే వేళ. ఇద్దరి ముందూ దీపం ఉంటుంది, ఒకరిది సాయంత్రం దీపం, ఒకరిది పొద్దుటి దీపం.

అమెరికాలో ఏడాదికి రెండుసార్లు గడియారం మారుస్తారన్నది గుర్తు పెట్టుకోండి. మార్చి రెండో ఆదివారం ఒక గంట ముందుకు, నవంబరు మొదటి ఆదివారం ఒక గంట వెనక్కి. పిల్ల వేళ మారదు, మన వేళ మారుతుంది. ఎండాకాలం పొద్దున ఆరుకు వచ్చే కాల్ చలికాలంలో ఏడుకు వస్తుంది. ఈ సంగతి పెద్దవాళ్ళకు ముందే చెప్పి, గోడ మీది క్యాలెండర్‌లో గుర్తు పెట్టించండి. లేకపోతే ఫోన్ పట్టుకుని గంటసేపు ఎదురుచూస్తారు, పిల్లకు ఒంట్లో బాగాలేదేమోనని దిగులు పడతారు.

శుక్రవారం లెక్క కూడా ఉంది. లక్ష్మీదేవి పాట శుక్రవారం పాడాలని మా అమ్మ పట్టు. అక్కడ శుక్రవారం సాయంత్రం అయ్యేసరికి ఇక్కడ శనివారం తెల్లవారుతుంది. పిల్ల శుక్రవారాన్నే లెక్కలోకి తీసుకోమన్నాను. “ఆ బిడ్డ ఇంట్లో దీపం, ఆ బిడ్డ ఇంట్లో వారం” అని అమ్మ ఒప్పుకుంది.

ఇంకో దేశమైతే లెక్క మారుతుంది. దుబాయ్‌కి మనకు గంటన్నరే తేడా, చిక్కు లేదు. లండన్‌తోనే కష్టం. అక్కడ రాత్రి ఏడంటే మనకు ఎండాకాలంలో పదకొండున్నర, చలికాలంలో పన్నెండున్నర. పెద్దవాళ్ళను అంతసేపు మేలుకోబెట్టొద్దు. వారం మధ్యలో వాయిస్ మెసేజ్‌లతో నడిపి, శని ఆదివారాల్లో మాత్రం అక్కడ సాయంత్రం నాలుగూ ఐదూ మధ్య ముఖాముఖి కూర్చోండి.

డాలస్‌లో అయితే జూన్‌లో ఏడున్నరకు ఇంకా ఎండ ఉంటుంది, డిసెంబరులో ఐదున్నరకే చీకటి పడుతుంది. అందుకని ‘చీకటి పడగానే’ అనే గుర్తు పెట్టుకోకండి. ‘స్నానం కాగానే’ అని పెట్టుకోండి, ఏడాది పొడవునా చెల్లుతుంది.

కలిసి పాడాలని చూడకండి

వీడియో కాల్‌లో పాట నేర్పేవాళ్ళకు మొదట తగిలే రాయి ఇదే. ఇంట్లో పిల్లను ఒళ్ళో పెట్టుకుని కలిసి పాడిస్తాం కదా, ఫోన్‌లో అది కుదరదు. ఎంత మంచి నెట్ ఉన్నా కుదరదు.

మీ గొంతు వేల కిలోమీటర్ల కేబుళ్ళలో ప్రయాణం చేయాలి. మధ్యలో ఫోన్ దాన్ని ముక్కలుగా మార్చి, అవతల మళ్ళీ కూర్చి వినిపించాలి. ఇదంతా కలిపి రెప్పపాటు ఆలస్యం. మాటల్లో అది తెలియదు, పాటలో మాత్రం నిలువునా తెలుస్తుంది. మీరు పాడింది పిల్లకు కాస్త ఆలస్యంగా వినిపిస్తుంది. దానితో కలిపి పిల్ల పాడింది మీకు ఇంకాస్త ఆలస్యంగా చేరుతుంది. పిల్ల వెనకబడిందనుకుని మీరు నెమ్మదిస్తారు, మీరు నెమ్మదించారని పిల్ల ఇంకా నెమ్మదిస్తుంది. రెండు పాదాలు దాటేలోపే పాట చతికిలబడుతుంది. తప్పు ఎవరిదీ కాదు. ఒకసారి ఇద్దరూ ‘ఒకటి, రెండు, మూడు’ అని కలిసి చప్పట్లు కొట్టి చూడండి. అవతలి చప్పుడు ఎప్పుడూ వెనకే వినిపిస్తుంది.

రెండో అడ్డంకి దీనికన్నా దొంగది. ఇద్దరు ఒకేసారి గొంతెత్తితే, ప్రతిధ్వని రాకుండా ఉండాలని ఫోన్ ఒక గొంతును తొక్కేస్తుంది. పాప పాడుతుంటే మా అమ్మ అలవాటు కొద్దీ లోలోపల కూనిరాగం తీసేది. వెంటనే పాప గొంతు ఇక్కడ తెగిపోయేది. “ఏంది అమ్మణ్ణీ, నిలిపేస్తివి?” అని అమ్మ అడిగేది. “నేను పాడుతూనే ఉన్నా అవ్వా!” అని పాప చిన్నబుచ్చుకునేది. ఇద్దరిదీ నిజమే.

కాబట్టి నియమం ఒక్కటే: ఒకరు పాడుతుంటే ఇంకొకరు పూర్తిగా మౌనం. కూనిరాగం, ‘ఊఁ’, ‘భలే’ ఏవీ వద్దు. మెచ్చుకోవాలంటే తల ఊపండి. వంతు మారడానికి చేత్తో సైగ పెట్టుకోండి. అమ్మ తన పాదం పాడేసి, కుడి అరచేతిని కెమెరా వైపు చాపి, ఎడమచేత్తో నోరు మూసుకునేది. ఆ నోరు మూసుకోవడం పిల్ల కోసం కాదు, తన కూనిరాగాన్ని ఆపుకోవడానికి. అది చూసి పాప కూడా తన పాదం అయ్యాక అచ్చం అలాగే చేయడం మొదలుపెట్టింది.

సర్దుబాట్లు కొన్ని ఉన్నాయి, వాటికి ఎక్కువ సమయం పెట్టక్కర్లేదు. పెద్దావిడకు వైరున్న ఇయర్‌ఫోన్ పెడితే ప్రతిధ్వని గొడవ చాలామటుకు పోతుంది. ఫ్యాన్ కింద కూర్చోకండి, ఆ హోరును తీసేయబోయి ఫోన్ మీ గొంతునూ కోస్తుంది. కిటికీకి వీపు పెట్టకండి, నోరు కనిపించాలి. గంట, తాళాలు, శ్రుతి పెట్టె మీ వైపు వాడకండి. ఆగకుండా సాగే నాదాన్ని ఫోన్ రొద అనుకుని అణిచేస్తుంది. పాట చివర దీర్ఘం తీసినప్పుడు గొంతు సన్నగిల్లి మాయమైనట్టు అవతల వినిపిస్తే దానికీ కారణం ఇదే. అప్పుడు జూమ్ వాడి చూడండి, అందులో సంగీతం కోసమే Original sound for musicians అనే ఏర్పాటు ఉంది. మాకు వాట్సాప్‌తోనే సరిపోయింది, దీర్ఘాలు మాత్రం వాయిస్ మెసేజ్‌లో నేర్పాం.

పాటను చివరి నుంచి మొదలుపెట్టండి

ఇప్పుడు అసలు పని. పల్లవి ఇది:

క్షీరాబ్ధి కన్యకకు శ్రీమహాలక్ష్మికిని
నీరజాలయకును నీరాజనం

మొదటి రోజే ‘క్షీరాబ్ధి’ చెప్పమంటే పిల్ల నోరు తిరగదు, మనసు విరుగుతుంది. ‘నీరాజనం’ ఒక్కటే నేర్పండి. రాగంతో, దీర్ఘంతో, ఆ ఒక్క మాట. తర్వాత మీరు పల్లవి అంతా పాడి ‘నీరజాలయకును’ దగ్గర ఆగి, చెయ్యి చాపండి. పిల్ల ‘నీరాజనం’ అని పూర్తి చేస్తుంది. చరణాల్లోనూ అంతే, ప్రతి రెండో పాదం చివర ఆ మాట పిల్లది. ఒక్క మాట వచ్చినా మొదటి రోజు నుంచే పాట మొత్తంలో తనకు చోటు ఉంటుంది. వంతులు వేరు కాబట్టి ఆలస్యం గొడవా ఉండదు. మీరు ఆగిన చోట రెప్పపాటు ఖాళీ వస్తుంది, అంతే.

ఇలా వారం నడిపారంటే, తన వంతు కోసం కాచుకుని వింటూ వింటూ పల్లవి రాగం పిల్ల చెవిలో దిగిపోతుంది. రెండో వారం ‘నీరజాలయకును నీరాజనం’ పాదమంతా తనకివ్వండి. అది పట్టుబడ్డాకే పై పాదం. వెనక నుంచి ముందుకు రావడంలో లాభం ఏమిటంటే, పిల్ల ఎప్పుడూ తెలియని చోట మొదలుపెట్టి తెలిసిన చోటికి చేరుతుంది. ముందు నుంచి నేర్పితే తెలిసిన చోట మొదలై తెలియని చోట గొంతు ఆగిపోతుంది, దానితోపాటు ధైర్యమూ పోతుంది.

కొన్ని ఇళ్ళలో ‘నీరజాలయమునకు’ అని కూడా పాడతారు. మీ ఇంట్లో ఎలా పాడితే అలాగే నేర్పండి. అయితే పిల్ల యూట్యూబ్‌లో ఇంకోలా వింటే తికమక పడుతుంది కాబట్టి, పల్లవి గట్టిపడేదాకా ఇంకెవరి గొంతులోనూ వినిపించకండి. రెండు రకాలుగా పాడతారని ఆ తర్వాత చెప్పొచ్చు.

అర్థం ఒక్కసారి కథలా చెప్తే చాలు. పాలసముద్రంలో పుట్టిన అమ్మాయి, తామరపువ్వు ఇల్లుగా ఉన్న అమ్మ, ఆమెకు హారతి. పాప పాలసముద్రం బొమ్మ వేసి ఫోన్‌కు అడ్డంగా పెట్టి చూపించింది. అలలకు తెల్ల రంగు వేస్తే కాగితం మీద కనపడలేదట, అందుకని నీలం గీతలు గీసిందట.

అయిదు లెక్కతో తప్పులు పట్టండి

ఈ పాట నడక అయిదు మాత్రలది. తక-తకిట, తక-తకిట అని తొడ మీద తట్టుకుంటూ చదివి చూడండి:

క్షీరాబ్ధి / కన్యకకు / శ్రీమహా / లక్ష్మికిని
నీరజా / లయకును / నీరాజ / నం

ఒక్కో ముక్కకు అయిదు లెక్కలు. ‘లయకును’లో నాలుగే ఉన్నాయి, అక్కడ ఒక లెక్క సాగదీస్తాం. చివరి ‘నం’ దీర్ఘంగా నిలుస్తుంది. మిగతావన్నీ సరిగ్గా అయిదే. ఇది సంగీతం తెలిసినవాళ్ళకే పనికొచ్చే సంగతి అనుకోకండి. ఫోన్‌లో గొంతు స్పష్టంగా వినిపించనప్పుడు పిల్ల ఎక్కడ తప్పిందో పట్టుకునే సాధనం ఇదే.

ఇంగ్లీషు మధ్య పెరిగే పిల్లల నాలుక రెండు చోట్ల జారుతుంది. ఒకే అక్షరం రెండుసార్లు పక్కపక్కన వస్తే ఒకటి మింగేస్తారు, ‘కన్యకకు’ కాస్తా ‘కన్యకు’ అవుతుంది. రెండోది ఒత్తులు వదలడం, ‘పట్టపు’ అనేది ‘పటపు’ అయిపోతుంది. రెండూ ఒక్కో లెక్క తగ్గించేవే. తట్టుకుంటూ పాడిస్తే అక్కడ తాళం కుంటుతుంది. మీరు తప్పని చెప్పకముందే పిల్లకే తెలుస్తుంది.

‘కన్యకకు’ దగ్గర మా పాప చాలా రోజులు ఇరుక్కుంది. ఒకరోజు జరిగింది ఉన్నదున్నట్టు చెప్తాను, సరిదిద్దే తీరు దానిలోనే ఉంది. పాప “క్షీరాబ్ధి కన్యకు” అంది. అమ్మ తప్పని అనలేదు. పాడటం ఆపి, ఎడమ అరచెయ్యి కెమెరా ముందు విప్పింది. బొటనవేలు పట్టుకుని ‘కన్’ అంది, చూపుడువేలుకు వచ్చి అదే ‘కన్’ సాగదీసింది, మధ్యవేలుకు ‘య’, ఉంగరం వేలుకు ‘క’, చిటికెన వేలుకు ‘కు’. “ఇప్పుడు నీ వేళ్ళ మీద చెప్పు” అంది. పాప కన్, సాగదీత, య, కు అంది. చిటికెన వేలు మిగిలిపోయింది. ఆ వేలు వంక చూసుకుని, “అవ్వా, ఇంకో ‘క’ ఉంది!” అంది. “ఉందిలే. ఇంగొకసారి” అని అమ్మ. ఆ తర్వాత ఆ మాట దగ్గర తడబాటు వస్తే అమ్మ నోరు విప్పకుండా చిటికెన వేలు చూపించేది. పాట ఆగేది కాదు.

‘పట్టపు’, ‘చక్కదనము’ లాంటి ఒత్తులకు ఇంకో ఉపాయం ఉంది. ‘పట్’ అని నాలుక అంగిట్లో ఆనించి, ఒక దెబ్బ తట్టేదాకా అలాగే పట్టుకోమనండి. ఆ తర్వాతే ‘టపు’. మొదట్లో మరీ ఎక్కువ ఆగినట్టు ఉంటుంది, పాట వేగంలో పడ్డాక సర్దుకుంటుంది.

ఏం దిద్దాలి, ఏం వదిలేయాలి అన్నదానికి నా లెక్క ఇది. తాళాన్ని కుంటించే తప్పులు అప్పుడే దిద్దాలి. ‘బ్ధి’లో వత్తు పలకడం, ళ-ల తేడా లాంటివి వదిలేయండి. ఇక్కడ పుట్టి పెరిగినవాళ్ళలోనే చాలామంది ‘క్షీరాబ్ది’ అంటారు. ఒక కాల్‌లో ఒక్క తప్పే దిద్దండి. రెండోది దిద్దబోయేసరికి పిల్ల “బాత్రూమ్‌కి వెళ్ళాలి” అంటుంది.

పాటను ఇంగ్లీషు అక్షరాల్లో రాసివ్వమని పిల్ల తల్లి అడుగుతుంది. మొదట ఇవ్వకండి. ఆ అక్షరాల్లో ‘కళలకును’లోని ళ ఉండదు, దీర్ఘాలు సరిగా తెలియవు. పిల్ల చెవిని వదిలేసి కాగితాన్ని నమ్ముతుంది. పాట పూర్తిగా వచ్చాక, మరిచిపోతే చూసుకోవడానికి ఇవ్వొచ్చు. అప్పుడు అపకారం లేదు.

కాల్ లేని రోజుల్లో వాయిస్ మెసేజ్

వారంలో మూడు రోజులు ముఖాముఖి చాలు, పది నిమిషాలకు మించొద్దు. మిగతా రోజులకు వాయిస్ మెసేజ్‌లు పంపండి. రికార్డు చేసిన దాంట్లో ఆలస్యం గొడవ లేదు కాబట్టి, కాల్‌లో కుదరని పనులు ఇందులో చేయవచ్చు.

ఒక్కో పాదానికి మూడు రకాలుగా పంపండి. మొదటిది పాడకుండా, తట్టుకుంటూ మాటలు మాత్రమే. రెండోది పూర్తి రాగంతో. మూడోదే అన్నిటికంటే పనికొచ్చేది: పిల్ల పాడాల్సిన ముక్కను మీరు వదిలేసి, ఆ మేరకు మౌనంగా లోలోపల లెక్కపెట్టి, తర్వాతి ముక్క అందుకోండి. పిల్ల ఆ ఖాళీలో పాడుకుంటుంది. మీ గొంతూ తన గొంతూ ఒకే గదిలో, ఒకే తాళంలో, ఏమాత్రం ఆలస్యం లేకుండా పక్కపక్కన నడుస్తాయి. ఈ మూడో రకం వెళ్ళిన రోజు పాప దాన్ని పడుకునేదాకా పెట్టుకుని వింటూనే ఉందని అక్క చెప్పింది.

ఒక మెసేజ్‌లో ఒక పాదమే ఉండాలి. పాటంతా ఒకేదాంట్లో పంపితే కావాల్సిన చోటు వెతుక్కోలేక పిల్ల వదిలేస్తుంది. పంపినవాటికి నక్షత్రం గుర్తు పెట్టమని తల్లికి చెప్పండి, లేకపోతే పొద్దుటి శుభోదయాల కింద కలిసిపోతాయి.

శ్రుతి సంగతి ఇక్కడే చెప్పాలి. అరవై దాటిన గొంతు దిగువన ఉంటుంది, పిల్ల గొంతు పైన. మీ శ్రుతిలో పంపితే పిల్ల గొంతు కిందకు నొక్కుకుని గొణుగుతుంది. కాల్‌లో ముందు పిల్లనే ‘నీరాజనం’ పాడమనండి, ఆ శ్రుతిని పట్టుకుని మీరు రికార్డు చేయండి. మీకు పైన అందకపోతే బలవంతపడొద్దు, పిల్ల పాడిన స్వరాలకు ఒక స్థాయి కింద పాడండి, చెవికి అది కలుస్తుంది. కలవకుండా మధ్యలో ఎక్కడో ఉన్న శ్రుతితోనే చిక్కు.

ఏ చరణం నేర్పాలి

పాటలో మూడు చరణాలున్నాయి. మొదటి రెండూ అమ్మవారి అంగాంగ సౌందర్య వర్ణన. ఏడేళ్ళ పిల్ల “కుచంబులకు అంటే ఏంటి అవ్వా?” అని అడిగితే జవాబు చెప్పడానికి వీడియో కాల్ సరైన చోటు కాదు. పల్లవి తర్వాత నేరుగా చివరి చరణానికి వెళ్ళండి. అన్నమయ్య ముద్ర అయిన వేంకటేశ్వరుడి పేరు, అలమేల్మంగ పేరు రెండూ అందులోనే ఉన్నాయి కాబట్టి ఆ ఒక్కటి పాడినా పాట ముగిసినట్టే ఉంటుంది.

పగటు శ్రీ / వేంకటే / శు పట్టపు / రాణియై
నెగడు సతి / కళలకును / నీరాజ / నం
జగతి నల / మేల్మంగ / చక్కదన / ములకెల్ల
నిగుడు నిజ / శోభనపు / నీరాజ / నం

ఇక్కడ ఒక జాగ్రత్త. అయిదు లెక్క గీతలు మాటలను మధ్యలో కోస్తాయి, ‘వేంకటే / శు పట్టపు’ లాగా. తట్టడానికే ఈ గీతలు. మీరు పాడి పిల్ల చేత చెప్పించేటప్పుడు మాటలు తెగకుండా ‘పగటు శ్రీవేంకటేశు’ ఒక ముక్క, ‘పట్టపు రాణియై’ ఇంకో ముక్క చేయండి. ఊపిరి ‘రాణియై’ తర్వాత తీసుకోమనండి. ఆ చోటు చెప్పకపోతే పిల్ల ‘వేంకటే’ దగ్గర ఊపిరి తీసుకుని దేవుడి పేరును రెండుగా విరుస్తుంది.

ఇక్కడా వెనక నుంచే రండి. రెండు ‘నీరాజనం’లు పిల్లకు ముందే వచ్చు. ‘నిగుడు నిజ శోభనపు’ నేర్పితే నాలుగో పాదం అయిపోయింది. తర్వాత మూడోది, ఆపైన రెండోది, చివర మొదటిది. పాదానికి ఒక వారం అనుకోండి. పిల్లకు జలుబు చేసిన వారం కొత్తది ఎత్తుకోకండి, పాతదే పాడించండి.

దీపం, హారతి

కెమెరా పిల్ల ముఖం మీద ఉంటే పిల్ల తెర మూలన కనిపించే తన బొమ్మనే చూసుకుంటుంది, జుట్టు సర్దుకుంటుంది. నేర్పేటప్పుడు ముఖం కనిపించాలి, నిజమే. నేర్చుకున్నంత మేర చివర ఒకసారి పూర్తిగా పాడేటప్పుడు మాత్రం ఫోన్‌ను దీపం వైపు తిప్పమనండి. మీ వైపూ అంతే. అప్పుడు చూపు దేవుడి మీద ఉంటుంది, ఎవరో తనను పరీక్ష పెడుతున్నారన్న బిడియం పోతుంది.

అక్కడి అపార్ట్‌మెంట్లలో పొగ తగిలితే మోగే అలారం ఇంటింటా ఉంటుంది. కర్పూరం వెలిగిస్తే అది మోగే అవకాశం ఎక్కువ. ఒక చిన్న నేతి వత్తితో హారతి ఇప్పించండి, అదీ తల్లి చేతుల మీదుగా, పిల్ల తల్లి ముంజేయి పట్టుకుంటే చాలు. కర్పూరం బిళ్ళలు ఇంట్లో ఉంటే పిల్లలకు అందని చోట పెట్టమని గట్టిగా చెప్పండి. చూడటానికి పంచదార బిళ్ళల్లా ఉంటాయి, చిన్నపిల్లలు మింగితే ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది.

వచ్చిందో లేదో ఎలా తెలుస్తుంది

పిల్ల మీ ముఖం చూస్తూ పాడితే వచ్చినట్టు కాదు. మీ పెదాల కదలికను అందుకుంటూ పాడవచ్చు. మీరు కళ్ళు మూసుకుని, పెదాలు కదపకుండా కూర్చుని వినండి. పల్లవి నుంచి కాకుండా ‘జగతి’ దగ్గర మొదలుపెట్టమనండి. అక్కడి నుంచి అందుకోగలిగితే వచ్చినట్టే.

మాకు అది అనుకోకుండా తేలింది. ఒక పొద్దున చరణం మొదట్లోనే ఇక్కడ కరెంటు పోయి, వైఫై ఆగిపోయి, తెర మీద పాప నోరు తెరిచినట్టే నిలిచిపోయింది. నా ఫోన్ డేటాతో మళ్ళీ కలిపేసరికి అక్కడ పాప కళ్ళకు హారతి అద్దుకుంటోంది. “అయిపోయిందా అమ్మణ్ణీ?” అని అమ్మ. “నువ్వు పోయినావు కదా, నేనే పాడేశా” అని పాప. తను వినలేకపోయినందుకు అమ్మకు కాస్త వెలితిగానే ఉండింది. వెంటనే మళ్ళీ పాడించబోతే నేనే వద్దన్నాను. హారతి అయ్యాక మళ్ళీ పాడిస్తే అది అప్పచెప్పడం అవుతుంది. వినాలనిపిస్తే మరుసటి కాల్ దాకా ఆగండి, లేదా అక్కడే రికార్డు చేసి పంపమని తల్లిని అడగండి.

పాట వచ్చేశాక వారానికి మూడు కాల్‌లు అక్కర్లేదు. శుక్రవారం ఒక్కటీ ఉంచుకోండి. ఆ రోజు పల్లవి పిల్ల పాడితే చరణం మీరు పాడండి, మరో వారం అటుదిటు మార్చుకోండి. నోటికి అందిందని వెంటనే ఇంకో పాట ఎత్తుకోవద్దు, కురంజిలోనే మరొకటి అసలే వద్దు, రెండు వరసలూ కలిసిపోతాయి. మిగిలిన రెండు చరణాలు పిల్లకు పదకొండు పన్నెండేళ్ళు వచ్చాక, సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు, పక్కన కూర్చోబెట్టుకుని నేర్పండి. అప్పుడు ఆలస్యం ఉండదు కాబట్టి మొదటి రోజు నుంచే కలిసి పాడవచ్చు.